ఊపిరి వదిలాక మిగిలే రెండున్నర లీటర్లు

ఈ వాక్యం చదువుతూ మామూలుగా ఒకసారి ఊపిరి వదలండి. బలవంతంగా ఊదొద్దు, దానంతటది ఆగిన చోట ఆగనివ్వండి. ఇప్పుడు మీ ఛాతీలో ఇంకా ఎంత గాలి ఉంది? సగటు ఎత్తున్న మగవాడైతే సుమారు రెండున్నర లీటర్లు. ఆడవాళ్లలో కొంచెం తక్కువ. గట్టిగా ఊది ఇంకో లీటరుకు పైగా బయటికి పంపొచ్చు. కానీ మామూలు ఊపిరి అక్కడిదాకా వెళ్లదు. ప్రతిసారీ ఆ రెండున్నర దగ్గరే ఆగుతుంది. ఆగమని కండరాలు చెప్పడం లేదు, ఆ క్షణంలో అవి విశ్రాంతిలో ఉన్నాయి. మరి ఆ గీత గీసిందెవరు?

ఊపిరితిత్తి, ఛాతీగోడ కలిసి. ఇక్కడ ఛాతీగోడ అంటే పక్కటెముకలు, వాటి మధ్య కండరాలు, డయాఫ్రం, దాని కింద ఉన్న పొట్ట అన్నీ కలిపి. ఊపిరితిత్తికి ఎప్పుడూ ముడుచుకుపోవాలని ఉంటుంది. బయటికి తీసి వదిలేస్తే చిన్న ముద్దలా అయిపోతుంది. ఈ వెనక్కి లాగే గుణాన్నే డాక్టర్లు ఎలాస్టిక్ రీకాయిల్ అంటారు. ఛాతీగోడ దీనికి ఎదురు. ఆ రెండున్నర లీటర్ల దగ్గర అది నొక్కిపెట్టినట్టుగా ఉంటుంది, వదిలితే బయటికి విచ్చుకోవాలని చూస్తుంది. వెదురుబద్దను వంచి రెండు కొసలకూ రబ్బరు తాడు కట్టిన విల్లును తలుచుకోండి. బద్ద నిటారుగా సాగాలంటుంది, తాడు కుదించాలంటుంది. ఆ వంపు బద్ద ఇష్టమూ కాదు, తాడు ఇష్టమూ కాదు, రెండిటి మధ్య కుదిరిన ఒప్పందం. ఊపిరి చివర మిగిలే గాలి కూడా అలాంటి ఒప్పందమే. వైద్యంలో దాని పేరు ఫంక్షనల్ రెసిడ్యువల్ కెపాసిటీ, పొట్టిగా ఎఫ్‌ఆర్‌సీ.

ఊపిరితిత్తిని, ఛాతీగోడను కలిపి పట్టుకునే జిగురు ఏదీ లేదు. రెండిటి మధ్య ప్లూరా అనే పలుచని పొర రెండు మడతలుగా ఉంటుంది. ఆ మడతల నడుమ కాస్త తడి తప్ప గాలి ఉండదు. ఒకటి లోపలికి, ఇంకొకటి బయటికి లాగుతుండటంతో ఆ సందులో పీడనం బయటి గాలి కన్నా సుమారు 5 సెంటీమీటర్ల నీటి మేర తక్కువగా ఉంటుంది. ఈ కొలత ఏమంత కష్టమైనది కాదు. గొట్టం కొసను నీళ్లలో 5 సెంటీమీటర్ల లోతుకు ముంచి, అవతలి కొస నుంచి ఊది బుడగ రప్పించడానికి ఎంత పీడనం కావాలో అంత.

ఈ లాగులాట నిజమేనా అని అనుమానమొస్తే, న్యూమోథోరాక్స్ వచ్చిన మనిషి ఎక్స్‌రే చూడాలి. సన్నగా పొడుగ్గా ఉండే కుర్రవాళ్లలో ఒక్కోసారి ఊపిరితిత్తి పైకొసన ఉన్న చిన్న బొబ్బ పగిలి, గాలి ప్లూరా సందులోకి చేరుతుంది. ఒప్పందం అక్కడితో తెగుతుంది. ఊపిరితిత్తి ముడుచుకుని గుండె వైపు జరుగుతుంది, దాని అంచు ఎక్స్‌రేలో సన్నని తెల్ల గీతలా కనబడుతుంది. అందరూ ఆ గీతనే చూస్తారు. పక్కటెముకల మీద కూడా ఒక చూపు వేయాలి. గాలి ఎక్కువగా చేరినప్పుడు ఆ పక్క ఎముకల మధ్య ఎడం పెరిగి, ఛాతీ విచ్చుకున్నట్టు ఉంటుంది. ఊపిరితిత్తి లోపలికి, గోడ బయటికి, ఎవరి దారిన వాళ్లు.

ఇక లెక్కలోకి వద్దాం. ఒక్క సెంటీమీటరు పీడనం పెంచితే ఎన్ని మిల్లీలీటర్ల గాలి అదనంగా పడుతుందో దాన్ని కంప్లయన్స్ అంటారు. మామూలు ఊపిరి పరిధిలో ఆరోగ్యవంతుడి ఊపిరితిత్తికి ఇది సుమారు 200, ఛాతీగోడకూ సుమారు 200. రెండూ కలిస్తే? చాలామంది 400 అంటారు. జవాబు 100.

ఎందుకో ఒక్క ఊపిరి మీద చూద్దాం. మొదట్లో ఊపిరితిత్తి 5 సెంటీమీటర్లతో లోపలికి లాగుతోంది, గోడ అదే 5తో బయటికి లాగుతోంది, చెల్లుకు చెల్లు. ఇప్పుడు 500 మిల్లీలీటర్లు పీల్చారు. ఆ గాలి కోసం ఊపిరితిత్తీ అంతే సాగాలి, గోడా అంతే విచ్చుకోవాలి. ఊపిరితిత్తికి 500ను 200తో భాగిస్తే రెండున్నర. దాని లాగుడు 5 నుంచి ఏడున్నరకు పెరిగింది. గోడ తను కోరుకున్న వైపుకే కదిలింది కాబట్టి దాని తోపు అదే రెండున్నర తగ్గి, రెండున్నరకు వచ్చింది. ఏడున్నరలో రెండున్నర పోతే 5. ఆ 5 కండరాలు భరించాలి. 500 మిల్లీలీటర్లకు 5 అంటే, సెంటీమీటరుకు 100. కండరాలు సడలగానే ఆ 5 గాలిని బయటికి తోసేస్తుంది. మామూలుగా ఊపిరి వదలడానికి మనం కష్టపడనవసరం లేనిది అందుకే.

ఈ లెక్కను ఊపిరి మొత్తానికీ గీస్తే మూడు వంపుగీతలు వస్తాయి, ఊపిరితిత్తిది ఒకటి, గోడది ఒకటి, రెండిటి కూడికది మూడోది. కూడిక సున్నా అయ్యే చోటే ఎఫ్‌ఆర్‌సీ. దాని పైకి వెళ్లేకొద్దీ గోడ తోపు తగ్గుతూ, నాలుగు లీటర్ల చుట్టుపక్కల అది తన సొంత విశ్రాంతి స్థానానికి చేరుతుంది. ఆ పైన అది కూడా పార్టీ మార్చి, ఊపిరితిత్తితో కలిసి లోపలికే లాగుతుంది. గుండెల నిండా గాలి పీల్చి ఎక్కువసేపు పట్టి ఉంచడం కష్టమయ్యేది అందుకే.

ఈ గీతలకు మూలం యుద్ధం. రెండో ప్రపంచ యుద్ధకాలంలో చాలా ఎత్తున ఎగిరే పైలట్లకు ఆక్సిజన్‌ను పీడనంతో అందించాల్సి వచ్చింది. ఎంత పీడనానికి ఛాతీ ఎంత ఉబ్బుతుందో తెలియాలి కదా. అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో వాలేస్ ఫెన్, హెర్మన్ రాన్, ఆర్థర్ ఓటిస్ ఆ పని మీద కూర్చున్నారు. లీ చాడ్విక్‌తో కలిసి వాళ్లు 1946లో అచ్చువేసిన పటమే ఇవాళ్టికీ వైద్య విద్యార్థులు బోర్డు మీద గీస్తున్నది. పద్ధతి వినడానికి సులువే. మనిషి కొంత గాలి పీల్చాలి, నోటి గొట్టం మూసేస్తారు, అతను కండరాలన్నీ వదిలేయాలి, అప్పుడు నోట్లో ఎంత పీడనముందో చూస్తారు. అసలు చిక్కు ఆ ‘వదిలేయడం’లోనే. నిండా గాలి పీల్చి, ఏ కండరాన్నీ బిగించకుండా కూర్చోవడం అలవాటు లేనివాళ్ల వల్ల కాదు.

నోటి దగ్గర దొరికేది కూడిక గీత ఒక్కటే. అందులో ఊపిరితిత్తి వాటా ఎంత, గోడ వాటా ఎంత అని విడదీయాలంటే ముక్కులోంచి సన్నని గొట్టం వేసి, దాని కొసనున్న పలుచని బెలూన్‌ను ఆహారనాళం కింది భాగంలో నిలుపుతారు. ఆహారనాళం రెండు ఊపిరితిత్తుల మధ్యగా పోతుంది కనుక, అక్కడి పీడనం ప్లూరా పీడనానికి దాదాపు సరిపోతుంది. మనిషిని వెల్లకిలా పడుకోబెడితే గుండె బరువు దాని మీద పడి కొలత కాస్త తప్పుతుంది. ఐసీయూలో వెంటిలేటర్ చూపించే కంప్లయన్స్ కూడా కూడికదే. 400 మిల్లీలీటర్లకు 20 సెంటీమీటర్లు పట్టిందంటే కంప్లయన్స్ 20. బిగుసుకున్నది న్యుమోనియాతో నిండిన ఊపిరితిత్తా, నీరు చేరి ఉబ్బిన పొట్టా? ఆ అంకె చెప్పదు.

కంప్లయన్స్ ఎక్కువైతే మంచిదేగా, తేలిగ్గా సాగుతుంది కదా అనిపిస్తుంది. ఏళ్ల తరబడి బీడీ, సిగరెట్ తాగి ఎంఫిసీమా తెచ్చుకున్నవాళ్లను చూస్తే ఆ అభిప్రాయం మారుతుంది. వాళ్లలో గాలి తిత్తుల గోడలు తెగిపోయి ఊపిరితిత్తి వదులవుతుంది. రెండున్నర లీటర్ల దగ్గర 5తో లాగాల్సింది 2తోనే లాగుతోందనుకుందాం. గోడ తోపు మాత్రం అదే 5. గోడే గెలుస్తుంది. ఛాతీ పైకి జరుగుతూ పోయి, మూడున్నర లీటర్ల దాకానో ఇంకా పైకో వెళ్లాక గానీ లాగుడూ తోపూ సమానం కావు. పీపాలా ఉబ్బిన ఛాతీ అలా తయారైందే. డయాఫ్రం గుమ్మటంలా ఉండాల్సింది బల్లపరుపవుతుంది, కిందికి లాగడానికి దానికి జాగా మిగలదు. పైగా సన్నని గాలి గొట్టాలను చుట్టూ లాగి తెరిచి ఉంచేది కూడా ఆ రీకాయిలే. అది పోతే ఊపిరి వదిలేటప్పుడు గొట్టాలు మూసుకుపోయి గాలి లోపలే చిక్కుతుంది. ఇంత జరిగినా, ఊదించి చేసే స్పైరోమెట్రీ పరీక్షలో ఎఫ్‌ఆర్‌సీ కనబడదు. బయటికి రాని గాలిని ఊదించి కొలవలేం, దానికి హీలియం కలిపిన గాలి పీల్పించో, గాజు గదిలో కూర్చోబెట్టో చేసే పరీక్షలు వేరే ఉన్నాయి. ఊపిరితిత్తి మచ్చలు కట్టి బిగుసుకునే ఫైబ్రోసిస్‌లో కథంతా తిరగబడుతుంది. లాగుడు పెరిగి ఒప్పందం కిందికి జారుతుంది, మనిషి చిన్నచిన్న ఊపిర్లు వేగంగా తీస్తుంటాడు.

రెండు వైపులా ఒకేసారి దెబ్బ తగిలేది నెలలు నిండకుండా పుట్టిన పసికందుకి. తిత్తుల లోపలి తడి పొర తల బిరుసును తగ్గించే సర్ఫాక్టెంట్ అనే పదార్థం ఆ వయసుకు చాలినంత తయారై ఉండదు. ఈ పిల్లల జబ్బుకు ఆ కొరతే కారణమని మేరీ ఎలెన్ ఏవరీ, జెరె మీడ్ 1959లో చూపించారు. అది లేక ఊపిరితిత్తి గట్టిగా లోపలికి లాగుతుంది. ఎదురు నిలవాల్సిన పక్కటెముకలేమో ఇంకా మెత్తని మృదులాస్థి. లాగేవాడు బలవంతుడు, ఆపేవాడు లేడు. ఊపిరి చివర మిగలాల్సిన గాలి మిగలదు, తిత్తులు అతుక్కుపోతాయి, ప్రతి ఊపిరికీ వాటిని మళ్లీ తెరవాలి. పీల్చినప్పుడల్లా రొమ్ము ఎముక కింద, డొక్కల దగ్గర లోపలికి గుంట పడుతుంది.

బిడ్డ తనకు తెలిసిన వైద్యం తను చేసుకుంటుంది. ఊపిరి వదిలేటప్పుడు స్వరతంతువులను దాదాపు మూసేసి, గాలి పూర్తిగా పోకుండా పట్టి ఉంచుతుంది. ఆ శబ్దమే సన్నని మూలుగు. పిల్లల ఐసీయూలో బబుల్ సీప్యాప్ చేసేదీ ఇదే. బిడ్డ ముక్కుకు పెట్టిన గొట్టం రెండో కొస నీళ్ల సీసాలో 5, 6 సెంటీమీటర్ల లోతున మునిగి ఉంటుంది. బిడ్డ వదిలిన గాలి ఆ నీళ్లను తోసుకుని బుడగలుగా పోవాలి కాబట్టి ఛాతీలో అంత పీడనం ఎప్పుడూ నిలుస్తుంది. ఛాతీగోడ బయటి నుంచి లాగి చేయాల్సిన పనిని ఆ నీళ్లు లోపలి నుంచి తోసి చేస్తాయి. బుడగలు ఆగిపోతే ఎక్కడో గాలి కారుతోందని నర్సులు వెంటనే చూసుకుంటారు.

ఇంటికి తెచ్చిన పసిబిడ్డ ప్రతి ఊపిరికీ మూలుగుతూ, డొక్కలు లోపలికి పోతూ కనిపిస్తే అది ఏడుపు కాదు, అలకా కాదు. తెల్లారనిద్దాం అనుకోకుండా ఆ నిమిషమే పిల్లల ఐసీయూ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి.