4.2 మిల్లీమీటర్ల మచ్చ 5.5 అయితే

అరికాలి మీద ఉన్న ఒక పుట్టుమచ్చకు మూడు ఫొటోలు ఉన్నాయనుకుందాం. జనవరి ఫొటోలో మచ్చ వెడల్పు 84 పిక్సెళ్లు. ఏప్రిల్ ఫొటోలో 117, జులై ఫొటోలో 132. పక్కపక్కన పెట్టి చూస్తే ఏప్రిల్ నాటికి మచ్చ ఒక్కసారిగా 39 శాతం పెరిగిపోయి, ఆ తర్వాత కాస్త నెమ్మదించినట్టు కనిపిస్తుంది. ఇంట్లోవాళ్లు ఏప్రిల్‌లో కంగారుపడి, జులైలో ఊపిరి పీల్చుకుంటారు. నిజానికి జరిగింది దీనికి పూర్తిగా తలకిందులు.

ప్రతి ఫొటోలోనూ మచ్చ పక్కన మిల్లీమీటర్ల గీతలున్న స్కేలు పెట్టారు కాబట్టి అసలు లెక్క తేలుతుంది. జనవరిలో స్కేలు మీది 10 మిల్లీమీటర్లు ఫొటోలో 200 పిక్సెళ్లు. 84ని 200తో భాగించి 10తో హెచ్చవేస్తే మచ్చ వెడల్పు 4.2 మి.మీ. ఏప్రిల్‌లో ఫోను ఇంకాస్త దగ్గరగా పట్టుకున్నారు, అదే 10 మి.మీ. ఈసారి 260 పిక్సెళ్లయింది. అంటే మచ్చ 4.5 మి.మీ. మాత్రమే. జులైలో 10 మి.మీ.కు 240 పిక్సెళ్లు, మచ్చ 5.5 మి.మీ. ఏప్రిల్‌లో కనిపించిన పెరుగుదలంతా దాదాపుగా కెమెరా చేసిన మాయ. అసలైన పెరుగుదల కంటికి ఆనని జులై ఫొటోలోనే ఉంది.

మచ్చ అంచు చర్మంలోకి కరిగిపోయినట్టు ఉంటుంది కాబట్టి ఎక్కడ మొదలైందో, ఎక్కడ ముగిసిందో ఇద్దరు కొలిస్తే ఇద్దరూ ఒకే మాట చెప్పరు. అర మిల్లీమీటరు అటూ ఇటూ కావడం మామూలే. అందుకే 4.2 నుంచి 4.5ను మార్పుగా లెక్కపెట్టలేం. 4.2 నుంచి 5.5ను కొట్టిపారేయలేం.

స్కేలు ఉన్నా కొలత తప్పడానికి రెండు దారులున్నాయి. ఫోను 30 డిగ్రీలు వాలి, స్కేలు ఆ వాలుకు అడ్డంగా ఉంటే వాలిన దిక్కున కొలత 13 శాతం తగ్గిపోతుంది, 5.5 కాస్తా 4.8గా కనిపిస్తుంది. రెండోది, అరికాలి వంపులో గట్టి స్కేలు చర్మానికి ఆనకుండా పైన వంతెనలా నిలబడుతుంది. మచ్చకు కెమెరా 15 సెంటీమీటర్ల దూరంలో ఉండి, స్కేలు సెంటీమీటరు పైకి లేచి ఉంటే మచ్చ దాదాపు 7 శాతం చిన్నదిగా లెక్క తేలుతుంది. కాగితపు స్కేలును చర్మానికి అంటించడం దీనికి మందు. రూపాయి బిళ్ల పెడితే సరిపోతుందని కొందరంటారు. కానీ పాత రూపాయి, కొత్త రూపాయి ఒకే సైజులో లేవు. రంగు సంగతి ఇంకా తేడా. ట్యూబులైటు కింద ఒక రంగు, కిటికీ దగ్గర ఒక రంగు. అందుకే ప్రతిసారీ అదే కిటికీ దగ్గర, పగటి వెలుగులో, పక్కన తెల్ల కాగితం పెట్టి, ఫ్లాషూ బ్యూటీ ఫిల్టరూ ఆపి తీయాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో నాణ్యత తగ్గుతుంది కాబట్టి అసలు ఫైలునే దాచుకోవాలి.

ఇక ఏబీసీడీఈ పట్టిక. 1985లో న్యూయార్క్ విశ్వవిద్యాలయ వైద్యులు మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌ను తొందరగా అనుమానించడానికి ఏ, బి, సి, డి అనే నాలుగు గుర్తులు ఇచ్చారు. మచ్చను మధ్యకు విడదీస్తే రెండు సగాలు ఒకేలా లేకపోవడం ఏ. అంచు గీరుకుపోయినట్టో, అలికినట్టో ఉండటం బి. ఒకే మచ్చలో గోధుమ, నలుపు, ఎరుపు, తెలుపు వంటి రంగులు కలిసిపోవడం సి. వెడల్పు 6 మి.మీ. దాటడం డి. కాలంతోపాటు మారడం ‘ఈ’, దాన్ని 2004లో చేర్చారు.

మన మచ్చను ఇందులో పెట్టి చూడండి. 5.5 మి.మీ. కాబట్టి డి ప్రకారం ఫరవాలేదు. ఆరు నెలల్లో 1.3 మి.మీ. పెరిగింది కాబట్టి ‘ఈ’ ప్రకారం అనుమానమే. రెండు అక్షరాలు రెండు మాటలు చెబుతున్నాయి. ఈ పట్టిక ఓట్లు లెక్కపెట్టే పెట్టె కాదు, ఒక్క ‘ఈ’ చాలు డాక్టరు దగ్గరికి వెళ్లడానికి. పైగా ఈ పట్టిక ఎక్కువగా తెల్లచర్మం వాళ్లలో చూసిన మచ్చల నుంచి పుట్టింది. మన దేశంలో మెలనోమా అరుదు, ఏడాదికి లక్షమందిలో ఒక్కరికి కూడా రాదు. వచ్చినప్పుడు మాత్రం ఎండ తగలని చోట్ల, అంటే అరికాలు, అరచేయి, గోటి కింద రావడం మనలాంటి చర్మంలో ఎక్కువ. అరికాలి మచ్చల విషయంలో జపాన్ వైద్యులు 7 మి.మీ.ను గీతగా పెట్టుకున్నారు. 6 అనేది ప్రకృతి గీసిన గీత కాదని దీన్నిబట్టే తెలుస్తుంది.

పట్టిక రెండు వైపులా తప్పుతుంది. నడివయసు దాటాక ముఖం మీద, వీపు మీద వచ్చే సెబోరిక్ కెరటోసిస్ మచ్చలు 6 మి.మీ. దాటుతాయి, అంచులు గరుకుగా ఉంటాయి, రంగులు కలిసి ఉంటాయి, పెరుగుతాయి కూడా. అన్ని అక్షరాలూ కలిసినా అవి క్యాన్సర్ కావు. నాడ్యులర్ మెలనోమా దానికి ఎదురు. గుండ్రంగా, ఒకే రంగులో, చక్కటి అంచుతో బొడిపెలా మొదలై ఏ, బి, సి మూడింటినీ దాటేసి వారాల్లోనే ఎదిగిపోగలదు.

చర్మవ్యాధి నిపుణులు అదే అరికాలి మచ్చను డెర్మటోస్కోపుతో, సాధారణంగా పది రెట్లు పెద్దదిగా, చర్మం పైమెరుపును తప్పించి చూస్తారు. అరికాలి చర్మం దున్నిన చేనులా గట్లూ చాళ్లూగా ఉంటుంది. చెమట రంధ్రాలు గట్ల మీద తెల్ల చుక్కల్లా కనిపిస్తాయి. రంగు చాళ్ల వెంబడి ఉంటే అది సాధారణంగా మామూలు పుట్టుమచ్చే. గట్ల మీద పరుచుకుని ఉంటే మెలనోమా అనుమానం బలపడుతుంది. ఫోను ఫొటోలో ఈ రెండూ కలిసిపోయి ఒకే గోధుమ మరకలా కనిపించవచ్చు. దానికి తోడు వాళ్లు మచ్చను తాకి చూస్తారు, ఒంటి మీది మిగతా మచ్చలతో పోలుస్తారు, గజ్జల్లో గడ్డలున్నాయేమో వెతుకుతారు.

అప్పటికీ అనుమానం తీరకపోతే వీలైనంతవరకు మచ్చ మొత్తాన్నీ, చుట్టూ 1 నుంచి 3 మి.మీ. మామూలు చర్మంతో సహా కోసి బయాప్సీకి పంపుతారు. మెలనోమా అని తేలితే అక్కడ పాథాలజిస్టు కొలిచేది వెడల్పు కాదు, లోతు. 1970లో అలెగ్జాండర్ బ్రెస్లో చూపించిన ఈ కొలతే నేటికీ చికిత్సకు ఆధారం. కణితి మందం 1 మి.మీ. లోపల ఉంటే చాలామందికి పూర్తిగా నయమవుతుంది, 4 మి.మీ. దాటితే ముప్పు బాగా ఎక్కువ. ఇంట్లో తీసిన ఎంత మంచి ఫొటో అయినా ఈ సంఖ్య చెప్పలేదు.

అందుకే మచ్చ మీద సున్నం, సోడా పెట్టి రాల్చుకోవడం, పార్లర్‌లో కాల్పించుకోవడం చేయకండి. అలా చేస్తే పరీక్షకు పంపాల్సిన కండే మిగలదు, లోతు కొలిచే అవకాశం పోతుంది. మచ్చ నుంచి రక్తం కారినా, పుండు పడి మానకపోయినా, గోటి మీద నల్ల చార 3 మి.మీ. వెడల్పు దాటినా, పెద్దయ్యాక అరికాల్లో కొత్త మచ్చ వచ్చి పెరుగుతున్నా తర్వాతి ఫొటో కోసం ఆగవద్దు. తేదీలతో ఉన్న అసలు ఫొటోలు, కొలతలు పట్టుకుని చర్మవ్యాధి నిపుణుల దగ్గరికి వెళ్లండి.