ఆ 32 ఎటు పోయింది?

ఇంటర్ చదువుతున్న మా మేనకోడలు ఒక లెక్కని ఫోన్‌తో ఫోటో తీసి పంపింది. పేజీ వంకరగా పడింది. ఐదు రోజుల ఉష్ణోగ్రతలున్న పట్టిక మీద తన చేతి నీడే పడి ఒక్క అంకె కూడా కనబడటం లేదు. కింది వాక్యం మాత్రం చక్కగా ఉంది: సగటు 40 డిగ్రీల సెల్సియస్, ప్రామాణిక విచలనం 2 డిగ్రీలు, రెండింటినీ ఫారన్‌హీట్‌లోకి మార్చండి. అంచున పెన్సిల్‌తో తను రాసుకున్న జవాబులూ ఫోటోలో పడ్డాయి. సగటు 104. విచలనం 35.6.

మొదటిది ఒప్పు, రెండోది తప్పు. రెండింటికీ ఒకే సూత్రం వాడింది: 1.8తో గుణించి 32 కలపడం. పట్టిక కనబడకపోవడం వల్ల వచ్చిన నష్టమేమీ లేదు. ఈ లెక్కకు అసలు దానితో పనే లేదు.

అదెలాగో చూడటానికి సగటు 40, విచలనం 2 వచ్చేలా మనమే ఐదు అంకెలు వేసుకుందాం: 37, 39, 40, 41, 43. సగటు నుంచి ఒక్కోటి ఎంత దూరంలో ఉంది? మైనస్ 3, మైనస్ 1, 0, 1, 3. వీటి వర్గాలు 9, 1, 0, 1, 9. మొత్తం 20, ఐదుతో భాగిస్తే 4, దాని వర్గమూలం 2. విచలనమంటే ఇంతే. అంకెలు సగటుకి అటూ ఇటూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత.

ఇప్పుడు ఐదింటినీ 1.8తో గుణిద్దాం, 32 ఇంకా కలపొద్దు. 66.6, 70.2, 72, 73.8, 77.4 వస్తాయి. సగటు 72 అయింది. దూరాలు కూడా అదే పాళ్లలో సాగాయి: 3 కాస్తా 5.4 అయింది, 1 కాస్తా 1.8 అయింది. కాబట్టి విచలనం 2 నుంచి 3.6కి పెరిగింది. తర్వాత అన్నింటికీ 32 కలిపితే 98.6, 102.2, 104, 105.8, 109.4. సగటు 104కి వెళ్లింది. 43 డిగ్రీల రోజు 32 మెట్లు పైకెక్కింది, సగటూ అన్నే మెట్లు ఎక్కింది. ఇద్దరూ కలిసి ఎక్కినప్పుడు మధ్య దూరం ఎందుకు మారుతుంది? అది 5.4గానే ఉంది. తీసివేసేటప్పుడు 32లోంచి 32 పోతుంది. విచలనం 3.6 దగ్గరే ఆగుతుంది.

పాప రాసిన 35.6 తప్పని ఈ సూత్రాలేవీ తెలియకపోయినా పట్టుకోవచ్చు. సగటు 104, విచలనం 35.6 అంటే ఎండలు 68 నుంచి 140 దాకా ఊగిసలాడటం మామూలే అన్నట్టు. 140 ఫారన్‌హీట్ అంటే 60 సెల్సియస్, మన రోహిణి కార్తె కూడా అంత పాపం చెయ్యదు. ఇంకో పరీక్ష ఇంతకన్నా గట్టిది. ఇలా లెక్కగట్టిన విచలనం, అన్నింటికన్నా పెద్ద అంకెకీ చిన్న అంకెకీ ఉన్న తేడాలో సగాన్ని ఎప్పుడూ దాటదు. మన ఐదు అంకెల్లో ఆ తేడా 10.8, సగం 5.4. 3.6 అందులో ఇముడుతుంది, 35.6 ఇమడదు.

మన ఇళ్లలో ఈ రెండు కొలమానాలూ పక్కపక్కనే ఉంటాయి. బయట ఎండ 42 అంటాం, పిల్లాడికి జ్వరం 102 అంటాం. ఎండ మరో 2 డిగ్రీలు పెరుగుతుందంటే ఫారన్‌హీట్‌లో ఆ పెరుగుదల 3.6, అంతే. అక్కడ 32 కలిపితే ఊరు ఉడికిపోతుంది. 2015 నాటి పారిస్ ఒప్పందంలోని 1.5 డిగ్రీల పరిమితిని అమెరికా పాఠకులకు 2.7 డిగ్రీలని చెప్పేదీ ఇందుకే. డిగ్రీ అని రాసినంత మాత్రాన రెండూ ఒకటి కావు. ఒకటి ఎండ ఎంతుందో చెబుతుంది, ఇంకోటి తేడా ఎంతో చెబుతుంది. 32 అవసరమయ్యేది మొదటిదానికే. ప్రామాణిక విచలనం రెండో రకం.

పరీక్షల్లో ఇదే లెక్కని కాస్త మెలిపెట్టి అడుగుతారు. విచలనం బదులు విస్తృతి అడిగితే అది విచలనానికి వర్గం కాబట్టి 1.8తో రెండుసార్లు గుణించాలి: 4 × 3.24 = 12.96. ప్రతి అంకెనూ 50లోంచి తీసేస్తే సగటు 10కి దిగుతుంది, విచలనం మాత్రం 2గానే ఉంటుంది. వరస తలకిందులైనా చెదురు అంతే కదా. విచలనం రుణసంఖ్యగా వచ్చిందంటే గుర్తును కూడా గుణించేశారన్న మాట.

ఈ సౌకర్యమంతా గుణకారం, కూడికలతో ముగిసే మార్పిడులకే. బండి మైలేజీ దగ్గర ఇది చెల్లదు. ఒక కారు లీటరుకు 10 కిలోమీటర్లు, ఇంకోటి 20 ఇస్తే సగటు 15. మైలేజీకి బదులు వంద కిలోమీటర్లకు ఎన్ని లీటర్లని అడిగితే మొదటిది 10, రెండోది 5 తాగుతాయి, సగటు 7.5. కానీ వందను 15తో భాగిస్తే 6.67 వస్తుంది. ఇక్కడ భాగహారంలో విలువ కిందికి వెళ్లింది, అంకెల మధ్య దూరాలు ఒకే పాళ్లలో సాగలేదు. అలాంటి లెక్క ఫోటోలో పట్టిక నీడలో పడితే మాత్రం మళ్లీ ఫోటో తీయించాల్సిందే.