హబ్‌కి పెట్టిన హార్డ్ డిస్క్ మాటిమాటికీ ఎందుకు డిస్‌కనెక్ట్ అవుతోంది?

పోయిన వారం మా తమ్ముడు ఫోన్ చేసి, "అన్నయ్యా, హార్డ్ డిస్క్ పోయినట్టుంది, అక్క పెళ్లి వీడియోలన్నీ అందులోనే ఉన్నాయి" అన్నాడు. కాపీ పెడితే సగంలో డిస్క్ మాయమవుతోందట. కాసేపటికి దానంతటదే మళ్లీ వస్తుంది. ఒక్కోసారి మౌస్ కూడా ఆగిపోతుంది.

ఆ మౌస్ సంగతి వినగానే నాకు డౌట్ వచ్చింది. డిస్క్ ఒక్కటే పాడైతే మౌస్ ఎందుకు ఆగుతుంది చెప్పండి? అడిగితే తేలింది: అన్నీ ఒకే నాలుగు పోర్టుల హబ్‌కి పెట్టాడు, దానికి అడాప్టర్ లేదు.

అసలు విషయం ఇది. లాప్‌టాప్‌లో మామూలు యూఎస్‌బీ 3 పోర్ట్ స్టాండర్డ్ ప్రకారం 5 వోల్టుల దగ్గర 900 మిల్లీఆంప్స్ ఇస్తే చాలు. యూఎస్‌బీ 2 అయితే 500 మాత్రమే. హబ్ పెట్టినంత మాత్రాన కరెంట్ పెరగదు, ఉన్నదాన్నే నాలుగు పోర్టులూ పంచుకోవాలి.

వాడి లెక్క వేద్దాం. డిస్క్ వెనక లేబుల్ మీద 5V 0.8A అని ఉంది, అంటే 800. కీబోర్డ్, మౌస్ చెరో 100 అనుకోండి. హబ్ లోపలి చిప్‌కి ఇంకో 100. మొత్తం 1100. పోర్ట్ ఇచ్చేది 900.

మరి ఎప్పుడూ పోకుండా అప్పుడప్పుడే ఎందుకు పోతోంది? లేబుల్ మీద ఉన్నది గరిష్ఠం. డిస్క్ ఖాళీగా ఉన్నప్పుడు చాలా తక్కువ తీసుకుంటుంది. మోటార్ తిరగడం మొదలైనప్పుడు, పెద్ద ఫైల్ రాస్తున్నప్పుడు ఒక్కసారిగా ఎక్కువ లాగుతుంది. అప్పుడు వోల్టేజ్ పడిపోయి డిస్క్ రీసెట్ అవుతుంది, పక్కనున్న మౌస్‌ని కూడా లాక్కుపోతుంది. డిస్క్‌లో టిక్, టిక్ అని సౌండ్ వచ్చి మోటార్ ఆగుతుంటే ఇదే అయ్యుండొచ్చు. విండోస్ కొన్నిసార్లు "Power surge on the USB port" అని చూపిస్తుంది, కానీ ప్రతిసారీ కాదు. పైగా కొన్ని చవక హబ్‌లు తమకు సొంత పవర్ ఉందని కంప్యూటర్‌కి అబద్ధం చెప్తాయి!

టెస్ట్ సింపుల్. డిస్క్‌ని నేరుగా లాప్‌టాప్‌కి పెట్టి అదే ఫైల్ కాపీ చేయండి. ఆగకుండా పూర్తయితే తప్పు డిస్క్‌ది కాదు. హబ్ మార్చేదాకా అలాగే వాడండి, మౌస్, కీబోర్డ్ మాత్రం హబ్‌లో ఉంచండి. రాస్తుండగా పవర్ పోతే ఫైల్ కరప్ట్ అవుతుంది, అదీ అసలు భయం.

ఇక పవర్డ్ హబ్ కొనేటప్పుడు పోర్టులు కాదు, అడాప్టర్ మీద అంకె చూడండి. నాలుగు పోర్టులకీ 900 చొప్పున 3.6 ఆంప్స్, అంటే 5V 4A అడాప్టర్ ఉండాలి. ఏడు పోర్టులు పెట్టి 5V 2A ఇచ్చేవి కూడా అమ్ముతారు, వాటికి మూడు డిస్క్‌లు పెడితే మళ్లీ ఇదే కథ. కొన్నిటికి పిన్ రంధ్రం ఉంటుంది, బాక్స్‌లో అడాప్టర్ ఉండదు. అది చూసుకోండి.

తమ్ముడు 5V 4A హబ్ తెచ్చుకున్నాడు. వీడియోలన్నీ ఒక్కసారి కూడా ఆగకుండా కాపీ అయ్యాయి.