965 రూపాయల చమురు మైనస్ 2,884 ఎలా అయింది?

2020 ఏప్రిల్ 20, సోమవారం. లాక్‌డౌన్ వల్ల ఎంసీఎక్స్‌లో ట్రేడింగ్ సాయంత్రం 5 గంటలకే ఆగిపోతున్న రోజులవి. ఏప్రిల్ ముడి చమురు ఫ్యూచర్స్‌కు అదే ఆఖరి రోజు. గంట కొట్టేసరికి బ్యారెల్ ధర 965 రూపాయలు. మర్నాడు ఎక్స్ఛేంజీ ప్రకటించిన సెటిల్‌మెంట్ ధర మాత్రం మైనస్ 2,884 రూపాయలు.

ఒక లాట్ అంటే 100 బ్యారెళ్లు. సాయంత్రం 5కు చేతిలో ఒక లాట్ కొనుగోలు ఉన్నవాడి కాంట్రాక్టు విలువ 96,500 రూపాయలు. 965 నుంచి సున్నాకు, అక్కడి నుంచి మైనస్ 2,884కు, మొత్తం 3,849 రూపాయలు పడింది. వందతో గుణిస్తే 3,84,900. అంటే కాంట్రాక్టు విలువకు దాదాపు నాలుగు రెట్లు నష్టం. అతను కట్టిన మార్జిన్ ఆ విలువలో కొంత భాగమే కాబట్టి, మిగతాదంతా బ్రోకరుకు బాకీ.

ఈ కాంట్రాక్టులో చమురు డెలివరీ అంటూ లేదు. లెక్క తేల్చి డబ్బు ఇచ్చిపుచ్చుకోవడమే. ‘మనకు ట్యాంకర్ ఏమీ రాదు కదా, చివరి దాకా ఉంచితే ఏం పోయింది’ అని చాలామంది అనుకునేది అందుకే. అయితే ఆ లెక్కకు వాడే ధర ముంబైలో పుట్టదు. న్యూయార్క్‌లోని నైమెక్స్‌లో డబ్ల్యూటీఐ చమురుకు ఆ రోజు తేలిన సెటిల్‌మెంట్ ధరను రూపాయల్లోకి మార్చి వాడతారు. ఆ రోజు అక్కడి మే కాంట్రాక్టుకు అది మైనస్ 37.63 డాలర్లు. నైమెక్స్‌లో మాత్రం డెలివరీ నిజంగానే ఉంటుంది.

అమెరికాలో ఓక్లహోమా రాష్ట్రంలో కుషింగ్ అనే చిన్న ఊరుంది. పైపులైన్లు, ట్యాంకులకే ఆ ఊరు పేరు. నైమెక్స్ కాంట్రాక్టు ఒక్కొక్కటి 1,000 బ్యారెళ్లు. గడువు దాటేదాకా కొనుగోలు పొజిషన్ ఉంచుకున్నవాళ్లు వచ్చే నెలలో కుషింగ్‌లో చమురు తీసుకోవాలి. తమకంటూ ట్యాంకో, పైపులైన్లో చోటో ఉండాలి. ఏప్రిల్ 17, శుక్రవారం నాటికి మే కాంట్రాక్టుల్లో ఇంకా తేలనివి లక్షకు పైగా ఉన్నాయి, అంటే 10 కోట్ల బ్యారెళ్ల పైమాట. కుషింగ్ ట్యాంకుల సామర్థ్యం సుమారు 7.6 కోట్ల బ్యారెళ్లు. అందులో దాదాపు 6 కోట్లు అప్పటికే నిండి ఉన్నాయి. మిగిలిన చోటు కూడా చాలావరకు ఎవరో ఒకరు అద్దెకు తీసుకున్నదే. కరోనాతో విమానాలు, కార్లు ఆగిపోయి వాడకం కుంగిన సమయమది. నైమెక్స్ మే కాంట్రాక్టుకు మంగళవారమే ఆఖరు. ట్యాంకు లేనివాడు సోమవారం, మంగళవారం లోపల ఎంతకైనా వదిలించుకోవాలి. కొనేవాడు లేకపోతే ఎదురు డబ్బిచ్చి తీసుకెళ్లమనాలి. మైనస్ ధరంటే అదే.

ఇక్కడ గడియారం కూడా చూడాలి. నైమెక్స్ రోజువారీ ధర తేల్చేది అక్కడి మధ్యాహ్నం 2:30కు, మన అర్ధరాత్రి 12కు. లాక్‌డౌన్ లేకపోయినా ఎంసీఎక్స్ వేసవిలో రాత్రి 11:30కే మూసేస్తుంది. ధర సున్నా కిందికి దిగింది ఆ తర్వాతే. మామూలు వేళల్లో నడిచి ఉంటే చాలామంది ముందే అమ్ముకుని నష్టం తగ్గించుకునేవారు, నిజమే. కానీ ఆఖరి అరగంట ఎలాగూ మన చేతిలో లేనిదే. ఎక్స్‌పైరీ రోజు పొజిషన్ ఉంచుకోవడమంటే, మన మార్కెట్ మూసేశాక ఎక్కడో తేలే ధరకు ముందే సంతకం పెట్టడం.

చైనాలోనూ ఇలాంటిదే జరిగింది. బ్యాంక్ ఆఫ్ చైనా సామాన్య ఖాతాదారులకు ‘యువాన్ యూ బావో’ అనే చమురు పెట్టుబడి అమ్మింది. పొజిషన్లను మే నుంచి జూన్‌కు మార్చే పని బ్యాంకుదే. వేరే పెద్ద బ్యాంకులు ఆ పని వారం ముందే ముగించుకున్నాయి. ఇది సోమవారం దాకా ఆగింది. ఖాతాదారులు పెట్టిన సొమ్ము పోగా, బ్యాంకే మొదట వాళ్లను ఎదురు చెల్లించమంది. తర్వాత వెనక్కి తగ్గింది. అదే ఏడాది డిసెంబరులో అక్కడి నియంత్రణ సంస్థ బ్యాంకుకు 5.05 కోట్ల యువాన్ల జరిమానా వేసింది.

మరి ముందే రోలోవర్ చేసి ఉంటే? రోలోవర్ అంటే ఈ నెల కాంట్రాక్టు అమ్మి, వెంటనే వచ్చే నెలది కొనడం. నైమెక్స్ ధరలతోనే లెక్క చూద్దాం. శుక్రవారం మే ధర 18.27 డాలర్లు, జూన్ ధర 25.03. తేడా 6.76 డాలర్లు. డాలరు 76 రూపాయల చొప్పున 100 బ్యారెళ్లకు 51,376 రూపాయలు. వచ్చే నెల ధర ఇలా ఎక్కువుండటాన్ని కాంటాంగో అంటారు.

ఈ 51 వేలు ఆ క్షణంలో పోయిన నష్టం కాదు. అదే లాట్ ఇప్పుడు ఎక్కువ ధరకు చేతిలో ఉందంతే. చమురు ధర కదలకుండా ఉంటే జూన్ కాంట్రాక్టు గడువు దగ్గరపడేకొద్దీ కిందికి జారి, ఆ తేడాను నెమ్మదిగా తినేస్తుంది. ప్రతి నెలా రోల్ చేస్తూ పోయేవాడికి, చమురు పెరిగినా లాభం కనిపించకపోవడానికి కారణం ఇదే. స్క్రీన్ మీద ఈ ఖర్చు ఎక్కడా విడిగా కనిపించదు.

శుక్రవారం 25.03కు రోల్ చేసినవాడి సంగతి చూడండి. సోమవారం జూన్ 20.43కు దిగింది, మంగళవారం 11.57కు. రెండు రోజుల్లో 13.46 డాలర్లు, లాట్‌కు లక్ష రూపాయల పైచిలుకు మార్జిన్ పిలుపు. దాన్ని తట్టుకుని నిలబడితే, మే 19న జూన్ గడువు ముగిసేనాటికి ధర సుమారు 32.50. లాట్‌కు 56 వేలకు పైగా లాభం. కట్టలేకపోతే బ్రోకరు మంగళవారమే అమ్మేసేవాడు. రోలోవర్ మైనస్ ధర నుంచి కాపాడుతుంది, ధర పతనం నుంచి కాపాడదు.

రోల్ ఎప్పుడు చేయాలో ఓపెన్ ఇంట్రెస్ట్ చెబుతుంది. వచ్చే నెల కాంట్రాక్టులో అది ఈ నెలదాన్ని దాటిందంటే పెద్దవాళ్లు వెళ్లిపోయారన్నమాట. ఆ తర్వాత పాత నెలలో కొనే ధరకూ అమ్మే ధరకూ మధ్య ఎడం పెరుగుతుంది. ఇక ఆలస్యం చేసిన ప్రతి రోజూ బయటపడటం ఖరీదవుతుంది.

చమురు జోలికి పోనివాళ్లకు డెలివరీ వేరే దారిలో ఎదురవుతుంది. 2019 అక్టోబరు నుంచి మన దగ్గర అన్ని షేర్ ఫ్యూచర్స్‌కూ షేర్ల డెలివరీ తప్పనిసరి. నిఫ్టీ లాంటి సూచీలకు మాత్రం డబ్బు లెక్కే. ఉదాహరణకు వెయ్యి రూపాయల షేరు, లాట్ 500 అనుకుందాం. లక్ష రూపాయల మార్జిన్‌తో కొన్నవాడు ఎక్స్‌పైరీ దాటనిస్తే 5 లక్షలు మొత్తం కట్టి 500 షేర్లు తీసుకోవాలి. దాని మీద డెలివరీ లెక్కన 0.1 శాతం ఎస్టీటీ, అంటే 500 రూపాయలు, అదనం. షేర్లు లేకుండా అమ్మి కూర్చున్నవాడి పరిస్థితి ఇంకా ఇరుకు. ఇవ్వాల్సిన షేర్లను ఎక్స్ఛేంజీ వేలంలో కొంటుంది, ఆ ధర ఎంతయినా అతని ఖాతా నుంచే పోతుంది.

ఈ ఇబ్బంది తమ మీదికి రాకుండా బ్రోకర్లు ఆఖరి రోజుల్లో మార్జిన్ పెంచుతారు. కట్టకపోతే తామే స్క్వేర్ ఆఫ్ చేస్తారు. ఏ రోజు, ఏ గంటకు అన్నది బ్రోకరును బట్టి మారుతుంది. ఖాతా తెరిచేటప్పుడు సంతకం పెట్టిన కాగితాల్లో అది ఉంటుంది.