నోటి పూత: మళ్లీ మళ్లీ వచ్చేది వేరు, మానకుండా ఉండేది వేరు

ఆవకాయన్నం మొదటి ముద్దకే కళ్లలో నీళ్లు తిరిగితే, కింది పెదవి మడిచి అద్దంలో చూసుకోండి. మెంతిగింజంత గుంట, మధ్యలో పాలిపోయిన పసుపు, చుట్టూ ఎర్రటి అంచు కనిపిస్తే అది మామూలు నోటి పూతే. ఒకరి నుంచి ఒకరికి అంటదు. పది, పద్నాలుగు రోజుల్లో మచ్చ కూడా మిగలకుండా మానిపోతుంది.

అన్నాళ్లూ తినడమే కష్టం. గ్లాసుడు గోరువెచ్చని నీళ్లలో అర టీస్పూను ఉప్పు కలిపి, రోజుకు మూడు నాలుగు సార్లు పుక్కిలించి ఉమ్మేయండి. కారం, పులుపు మాని పెరుగన్నం తినండి. పుండు మీద పటిక, నిమ్మరసం రాయకండి, మంట పెరుగుతుంది. డాక్టరు స్టెరాయిడ్ పేస్టు రాసిస్తే రాత్రి పడుకునే ముందు, శుభ్రమైన దూదితో పుండు మీది తడి అద్ది, పేస్టును పల్చగా అంటించి వదిలేయాలి. రుద్దితే పొడిపొడిగా రాలిపోతుంది.

పుండు మానిన నెలకే మరోచోట పూస్తుంటే మాత్రం కారణం వెతకాలి. మా పక్కింటి అమ్మాయి రెండేళ్లపాటు నోరు పూసినప్పుడల్లా ‘వేడి చేసింది’ అనుకుని మజ్జిగ తాగేది, మందుల షాపులో బి కాంప్లెక్స్ కొనుక్కునేది. మెట్లెక్కితే ఆయాసం వస్తోందని డాక్టరు దగ్గరికి వెళితే, ఆయన ముందు నెలసరి గురించి అడిగారు. ప్రతి నెలా ఎక్కువ రక్తం పోతోంది. రక్త పరీక్షలో ఐరన్ బాగా తగ్గిందని తేలింది. బి కాంప్లెక్స్ ఎన్ని మింగినా ఐరన్ లోటు తీరదు కదా! నెలల తరబడి ఐరన్ మాత్రలు వాడాక పూత రావడం తగ్గింది. అందరికీ ఇదే కారణమని కాదు. బి12 లోటు, నిద్రలేమి, ఆందోళన కూడా కారణం కావచ్చు. కొందరికి నురగ తెప్పించే సోడియం లారిల్ సల్ఫేట్ ఉన్న టూత్‌పేస్టు పడదు. అది లేనిది వాడి చూడవచ్చు.

పుండ్లతో పాటు జ్వరం వచ్చినా, కళ్లు ఎర్రబడినా, మర్మాంగాల దగ్గర పుండ్లు లేచినా ఆలస్యం చేయకూడదు.

అన్నిటికన్నా భయపడాల్సింది మానకుండా ఒకేచోట ఉండిపోయే పుండుకి. దాని అంచు వేలికి గట్టిగా తగులుతుంది. మొదట్లో నొప్పి ఉండకపోవచ్చు, అందుకే ఎవరూ పట్టించుకోరు. గుట్కా, ఖైనీ నమిలేవారు, ఉత్తర కోస్తా పల్లెల్లో నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ఆడవాళ్లు మరీ జాగ్రత్తగా చూసుకోవాలి. అడ్డపొగ తాగేవారికి అంగిట్లో క్యాన్సర్ వచ్చే ముప్పు ఎక్కువ. మొన తేలిన పన్ను ఒరుసుకుని పుండు పడితే, ముందు ఆ పన్ను నున్నగా చేయించుకోవాలి.

పుండు కనిపించిన రోజునే క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి. మూడు వారాలు దాటినా అక్కడే ఉంటే, నొప్పి లేకపోయినా సరే, పళ్ల డాక్టరుకు చూపించండి.