బడి గుర్తింపు కార్డు: డిజైన్ కన్నం దగ్గర మొదలవ్వాలి

కొత్త విద్యా సంవత్సరం మొదలవగానే బడుల్లో ఐడీ కార్డులు అచ్చవుతాయి. చాలాచోట్ల ముందు లోగో, తర్వాత ఫొటో, పేరు అమర్చి, ట్యాగ్ కోసం కన్నం చివర్లో పొడుస్తారు. అందుకే కొన్ని కార్డుల్లో ఆ కన్నం బడి పేరును కోసేస్తుంది. లెక్క కన్నం నుంచి మొదలుపెడితే ఈ ఇబ్బంది ఉండదు.

ఏటీఎం కార్డు సైజునే తీసుకుందాం. నిలువుగా పెడితే వెడల్పు 54, ఎత్తు దాదాపు 86 మిల్లీమీటర్లు. ట్యాగ్ క్లిప్పు పట్టే కన్నం సాధారణంగా 14 మి.మీ. పొడవు, 3 మి.మీ. ఎత్తు ఉంటుంది. అది పై అంచుకు మరీ దగ్గరైతే పిల్లలు లాగినప్పుడు ప్లాస్టిక్ చిరుగుతుంది. కాబట్టి అంచు నుంచి 4 మి.మీ. వదిలి పొడవాలి. అంటే కన్నం 7 మి.మీ. దగ్గర ముగుస్తుంది. పంచ్ ఒక మిల్లీమీటరు అటూఇటూ జరగొచ్చు, క్లిప్పు కూడా చుట్టూ రాసుకుంటుంది. అందుకని మరో 3 మి.మీ. ఖాళీ ఉంచి, అక్షరాలను 10 మి.మీ. దాటాకే మొదలుపెట్టాలి. రంగు నేపథ్యం మాత్రం అంచు దాటి 3 మి.మీ. బయటకు పోవాలి. లేకుంటే కోత కాస్త తప్పినా తెల్ల గీత కనిపిస్తుంది.

ఇక కిందికి వద్దాం. 10 నుంచి 20 వరకు బడి పేరు. 22 నుంచి 49 వరకు ఫొటో. పాస్‌పోర్టు ఫొటో 35×45 కాబట్టి, అదే నిష్పత్తిలో 21×27 చక్కగా సరిపోతుంది. చోటుకు తగ్గట్టు ఫొటోను కత్తిరించాలే తప్ప సాగదీయకూడదు, ముఖం మారిపోతుంది. స్పష్టంగా రావాలంటే కనీసం 250×320 పిక్సెళ్లు కావాలి.

51 నుంచి 82 వరకు వివరాలు, కింద 4 మి.మీ. ఖాళీ. పేరుకు రెండు వరుసలు కేటాయించాలి. తెలుగులో అచ్చేస్తే వత్తులు, గుడులు ఒకదానికొకటి తగలకుండా వరుసల మధ్య ఎడం పెంచాలి. హాజరు పట్టీలో అన్నిటికంటే పొడవైన పేరుతోనే నమూనా చేసి చూడాలి.

ముందువైపు పేరు, తరగతి, అడ్మిషన్ నంబరు చాలు. మెడలో వేలాడే కార్డును దారిన పోయే ఎవరైనా చదవగలరు. కాబట్టి అత్యవసర ఫోన్ నంబరు, రక్తం గ్రూపు వెనకవైపు వేయాలి. రక్తం గ్రూపును పరీక్ష రిపోర్టు చూసే రాయాలి. ఆధార్ నంబరు, ఇంటి చిరునామా అవసరం లేదు.

హాజరు కోసం చిప్ పెట్టిన కార్డుల్లో సన్నని తీగ అంచుల వెంట చుట్టి ఉంటుంది. దానికి కన్నం పొడిస్తే తీగ తెగుతుంది. చూడ్డానికి కార్డు బాగానే ఉన్నా యంత్రం గుర్తించదు. అలాంటివాటిని ప్లాస్టిక్ కవరులో పెట్టి, ఆ కవరుకే ట్యాగ్ తగిలించాలి. ఆ ట్యాగ్ కూడా గట్టిగా లాగితే దానంతటదే ఊడిపోయే క్లిప్పుతో ఉండాలి. బస్సు తలుపులోనో జారుడుబల్ల దగ్గరో చిక్కుకుంటే మెడకు ఉరి పడకుండా కాపాడేది అదే.

మొత్తం అచ్చుకు ఇచ్చే ముందు అసలు సైజులో ఒక కార్డు తీయించి, కన్నం పొడిపించి, ట్యాగ్ తగిలించి చూడండి. ఏ అక్షరమైనా క్లిప్పు కింద దాగితే, సరిదిద్దడానికి ఇంకా సమయం ఉంటుంది.