పరుగుకు పోగా మిగిలేదెంత?

తెలుగులో ‘నెల తప్పింది’ అంటే గర్భం వచ్చిందనే అర్థం. అందుకే పరుగు పందాలకు సాధన చేసే పదిహేడేళ్ల అమ్మాయికి మూడు నెలలుగా ముట్టు రాకపోతే, ఆ మాట ఇంట్లో నోరు తెరిచి చెప్పలేదు. చెబితే అమ్మ కంగారు పడుతుంది. మైదానంలో పెద్దక్కలేమో ‘గట్టిగా సాధన చేస్తే అంతేలే’ అంటారు. పోటీ రోజున ఆ ఇబ్బంది ఉండదు కదా అని ఆ పిల్లకూ కాస్త హాయిగానే ఉంటుంది. ఇలా ఎవరికి వారు ఒక సమాధానం చెప్పుకుంటూ ఉండగా లోపల వెన్నెముక పలచబడుతుంటుంది.

ఈ సంగతి స్పష్టంగా చూపించినది అమెరికా శాస్త్రవేత్త బార్బరా డ్రింక్‌వాటర్ బృందం, 1984లో. ముట్టు ఆగిపోయిన 14 మంది క్రీడాకారిణులనూ, నెలనెలా సక్రమంగా వస్తున్న మరో 14 మందినీ వాళ్లు పోల్చి చూశారు. మొదటి గుంపు సగటు వయసు పాతికేళ్లు. వాళ్ల నడుము వెన్నుపూసల సాంద్రత మాత్రం యాభై దాటిన స్త్రీల సగటుతో సమానంగా ఉంది. వ్యాయామం ఎముకను గట్టిపరుస్తుందని అందరం నమ్ముతాం, అది నిజమే. కానీ ముట్టు ఆగిన ఒంట్లో ఆ మేలు నిలబడలేదు.

ముట్టు ఎందుకు ఆగుతుంది? దీనికి అంతకు పదేళ్ల ముందు, 1974లో, రోజ్ ఫ్రిష్ అనే శాస్త్రవేత్త ఒక జవాబు చెప్పారు. ఆడపిల్ల పెద్దమనిషి కావడానికి ఒంట్లో కనీసం 17 శాతం కొవ్వు, నెలసరి నిలకడగా రావడానికి 22 శాతం కావాలని ఆమె లెక్క. వినడానికి సబబుగానే ఉండడంతో చాలామంది శిక్షకుల మనసుల్లో నాటుకుపోయింది. ఆ గీత మాత్రం నిలవలేదు. దానికంటే తక్కువ కొవ్వున్న కొందరికి నెలసరి సక్రమంగా వచ్చేది, ఎక్కువున్న కొందరికి ఆగిపోయేది.

అసలు కిటుకు శాస్త్రవేత్త ఆన్ లౌక్స్ ప్రయోగాల్లో దొరికింది. వ్యాయామపు శ్రమే కారణమా, తిండి చాలకపోవడమా అని ఆమె ఆ రెంటినీ విడదీసి చూశారు. కఠినంగా వ్యాయామం చేయించి, ఖర్చయిన శక్తికి సరిపడా తిండి పెడితే, అండాశయానికి మెదడు పంపే హార్మోన్ సంకేతాల లయ చెడలేదు. తిండి తగ్గిస్తే చెడింది. 2003లో ఆమె ప్రచురించిన మరో అధ్యయనంలో ఇది కేవలం ఐదు రోజుల్లోనే కనబడింది. అప్పటికి ఆ స్త్రీల ఒంటి కొవ్వు చెప్పుకోదగ్గంతగా మారే వ్యవధి కూడా లేదు. ఒళ్లు లెక్కించేది నిల్వ ఉన్న కొవ్వును మాత్రమే కాదు, పరుగుకు పోగా ఆ రోజుకు చేతిలో మిగిలినదెంత అన్నది కూడా.

ఆ లెక్క ఎలా ఉంటుందో మన అమ్మాయి మీదే వేసి చూద్దాం. బరువు 45 కిలోలు అనుకుందాం, అందులో కొవ్వు పోగా 38 కిలోలు. రోజుకు 1500 కేలరీలు తింటోంది, పరుగుకు 500 ఖర్చవుతున్నాయి. మిగిలినవి 1000. కొవ్వు కాని ఒంటి ప్రతి కిలోకూ 26 అన్నమాట. దాదాపు 45 ఉంటే గుండె, మెదడు, అండాశయం, ఎముక అన్నిటికీ సరిపోతుంది. 30 కంటే దిగితే నెలసరి లయ చెడే ముప్పు బాగా పెరుగుతుంది. ఈ 30 గిరి గీసినట్టుండే హద్దు కాదు, ఒక్కొక్కరి ఒళ్లు ఒక్కో చోట తడబడుతుంది. ఈ అమ్మాయికి 45 అందాలంటే రోజుకు 2200 కేలరీలు, అంటే ఇప్పటికంటే 700 ఎక్కువ కావాలి. ఒక గ్లాసు పాలు, ఒక అరటిపండు, గుప్పెడు వేరుశనగ పప్పులు కలిస్తే దాదాపు 400. మరో కప్పు అన్నం, పప్పు కలిస్తే 300. చూడండి, కొండంత తిండేమీ కాదు. ఆ పిల్ల కావాలని కడుపు మాడ్చుకుని ఉండాల్సిన పని కూడా లేదు. సాధన పెరిగినప్పుడు తిండి పెరగకపోయినా, పొద్దున్నే ఏమీ తినకుండా మైదానానికి పరిగెత్తినా ఈ లోటు వస్తుంది. బరువు పైకి మామూలుగా కనబడుతున్నవాళ్లలోనూ వస్తుంది.

మిగులు తగ్గినప్పుడు మెదడులోని హైపోథాలమస్ పొదుపు మొదలుపెడుతుంది. ప్రాణం నిలపడానికి అక్కర్లేని పనుల్లో సంతానం మొదటిది. అండాశయానికి సంకేతాలు మందగిస్తాయి, ఈస్ట్రోజన్ పడిపోతుంది. ఎముక ఎప్పుడూ ఒకవైపు కరుగుతూ, మరోవైపు కట్టుకుంటూ ఉంటుంది. కరిగించే కణాలకు పగ్గం వేసేది ఈస్ట్రోజన్. అది తగ్గితే పగ్గం వదులవుతుంది. ఇంతటితో అయిపోదు. తిండి లోటు వల్ల ఎముకను కట్టే పని కూడా నేరుగా మందగిస్తుంది. ఇది ఏ వయసులో జరుగుతోందన్నది ఇంకా బాధాకరం. జీవితకాలానికి సరిపడా ఎముకలో పెద్ద భాగం కూడబెట్టుకునేది పదమూడు నుంచి ఇరవై దాకా ఉన్న ఆ కొద్ది ఏళ్లలోనే. బ్యాలే నర్తకిగానీ, జిమ్నాస్ట్‌గానీ, దూరపు పరుగుల అమ్మాయిగానీ బరువు తగ్గమన్న మాట వినేది సరిగ్గా అప్పుడే.

అమెరికా పరుగుల క్రీడాకారిణి మేరీ కెయిన్ 2013లో పదిహేడేళ్లకే ప్రపంచ ఛాంపియన్‌షిప్స్‌లో పరుగెత్తింది. ఇంకా ఇంకా బరువు తగ్గమని ఒత్తిడి చేశారనీ, మూడేళ్లు నెలసరి రాలేదనీ, ఐదు ఎముకలు విరిగాయనీ 2019లో ఆమే బయటపెట్టింది.

ఇది కిందపడినప్పుడు ఎముక పుటుక్కున విరిగే రకం కాదు. అడుగు మీద అడుగు పడి ఎముకలో సన్నని చీలిక వస్తుంది. దీన్ని స్ట్రెస్ ఫ్రాక్చర్ అంటారు. మోకాలి కిందా, పాదంలో వేళ్ల వెనకా ఒక్క చోట, వేలితో నొక్కి చూపించగలిగినంత కచ్చితంగా నొప్పి ఉంటుంది. పరుగుతో మొదలై, పోనుపోను నడిచినా వస్తుంది. తొలి వారాల్లో మామూలు ఎక్స్‌రేలో కనబడకపోవచ్చు. కనబడలేదని మళ్లీ మైదానంలోకి దింపడం పెద్ద తప్పు, అనుమానముంటే ఎమ్మారై తీయాలి. గజ్జలో నొప్పి ఉంటే తుంటి దగ్గర తొడ ఎముక మెడ చీలిందేమో వెంటనే చూడాలి, అది పూర్తిగా విరిగితే ఆపరేషన్ దాకా వెళుతుంది.

వరసగా మూడు నెలలు ముట్టు రాకపోయినా, పదిహేనేళ్లు నిండినా పెద్దమనిషి కాకపోయినా డాక్టరుకు చూపించాలి. గర్భం, థైరాయిడ్, ప్రొలాక్టిన్ వంటి కారణాలు కావని తేల్చుకున్నాకే తిండి లోటు అని నిర్ధారిస్తారు. ఎముక సాంద్రతకు డెక్సా స్కాన్ ఉంది. అదే వయసు వాళ్ల సగటుతో పోల్చి వచ్చే జడ్-స్కోరు క్రీడాకారిణిలో −1 కంటే తక్కువున్నా తేలిగ్గా తీసుకోకూడదు, ఎందుకంటే పరుగెత్తే ఒంట్లో అది సగటుకు పైనే ఉండాలి.

చికిత్సలో తరచుగా జరిగే పొరపాటు ఒకటుంది. నెలసరి రప్పించడానికి గర్భనిరోధక మాత్రలు రాసిస్తారు, రక్తస్రావం అవుతుంది, ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుంటారు. కానీ అది మాత్ర తెచ్చిన స్రావమే తప్ప అండాశయం మేలుకుందన్న గుర్తు కాదు. ఆ మాత్రలు ఈ స్థితిలో ఎముకను కాపాడినట్టు రుజువు లేదు. పైగా తిండి చాలుతోందో లేదో చెప్పే గడియారాన్ని కప్పేస్తాయి. అసలు మందు తిండి పెంచడం, కొన్నాళ్లు సాధన తగ్గించడం. తినడమంటేనే భయం పట్టుకున్న అమ్మాయికి మానసిక వైద్యుల తోడు కూడా కావాలి. తిండి పెరిగినా నెలసరి తిరిగి రావడానికి నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏడాదికి పైగా.

ఎముకకు ఇంకా ఎక్కువ కాలం. డ్రింక్‌వాటర్ ఆ క్రీడాకారిణుల్లో కొందరిని తర్వాత కూడా పరీక్షించారు. నెలసరి తిరిగి వచ్చినవాళ్లలో వెన్నెముక సాంద్రత మొదటి ఏడాది చక్కగా పెరిగింది. ఆ తర్వాత పెరుగుదల మందగించి, తోటివాళ్ల స్థాయికి చేరకముందే ఆగిపోయింది.